ఒంగోలు–సూళ్లూరుపేట దారిలో ఫాస్టాగ్: బ్యాలెన్స్ అడుగంటినప్పుడు ఏం జరుగుతుంది

ఒంగోలు నుంచి చెన్నై వైపు కారులో బయలుదేరితే సూళ్లూరుపేట దాటేలోపు అయిదు టోల్‌గేట్లు తగులుతాయి. టంగుటూరు, ముసునూరు, వెంకటాచలం, బూదనం, సూళ్లూరుపేట. 2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రి నుంచి జాతీయ రహదారుల మీద అన్ని లైన్లూ ఫాస్టాగ్ లైన్లే అయిపోయాయి. అప్పటి నుంచీ ఇదే దారిలో వాడుతున్న ట్యాగ్ గురించి ఈ సమీక్ష. డబ్బున్నంత కాలం ట్యాగ్ గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. గేటు లేస్తుంది, బండి కదులుతుంది. దాని సంగతంతా బ్యాలెన్స్ అడుగంటిన రోజే బయటపడుతుంది.

చాలామంది ఖాతాలో టోల్‌కి సరిపడా డబ్బు లేకపోతే గేటు లేవదనుకుంటారు. కార్లకు అది నిజం కాదు. కారు, జీపు, వ్యాన్లకు కనీస బ్యాలెన్స్ ఉండాలన్న షరతును 2021 ఫిబ్రవరిలోనే తీసేశారు. ఖాతా మైనస్‌లో లేకపోతే చాలు, గేటు లేవాలి. తక్కువ పడిన సొమ్మును ట్యాగ్ తీసుకున్నప్పుడు కట్టిన డిపాజిట్‌లోంచి బ్యాంకు సర్దుకుంటుంది. చిక్కంతా ఆ తర్వాతి గేటు దగ్గరే వస్తుంది.

లెక్క తేలిగ్గా ఉండడానికి ప్రతి గేటూ వంద రూపాయలే అనుకుందాం. ఒంగోలులో బయలుదేరేటప్పుడు ఖాతాలో 230 ఉన్నాయి. టంగుటూరు దాటితే 130, ముసునూరు దాటితే 30. వెంకటాచలం గేటుకొచ్చేసరికి ముప్పై రూపాయలే ఉన్నా మైనస్ కాదు కాబట్టి గేటు లేస్తుంది. ఖాతా 70 రూపాయల మైనస్‌లో పడుతుంది. ఇక బ్యాంకు ఆ ట్యాగ్ నంబర్‌ను బ్లాక్‌లిస్ట్‌లో పెడుతుంది. గూడూరు దాటి బూదనం దగ్గరకు వెళ్లగానే ఎర్రలైటు వెలుగుతుంది, గేటు లేవదు. డ్రైవరుకు మాత్రం వెంకటాచలంలో బాగానే పనిచేసిన ట్యాగ్ అరగంటలో ఎందుకు చెడిపోయిందో అర్థం కాదు. ట్యాగ్ చెడిపోలేదు, అంతకుముందు గేటు దగ్గర అప్పు మీద దాటింది.

అలా ఆగిన చోట వందో నూట యాభయ్యో వేస్తే సరిపోతుందనుకోవడం రెండో పొరపాటు. వేసిన సొమ్ము ముందు డిపాజిట్‌లో పడ్డ గుంటను పూడుస్తుంది. మన ఉదాహరణలో వంద వేస్తే మిగిలేది ముప్పై. దాంతో బూదనం దాటినా సూళ్లూరుపేటలో మళ్లీ అదే కథ. మైనస్‌లో ఎంత ఉందో చూసుకుని, దానికి రావలసిన గేట్లన్నిటి రుసుమూ కలిపి వేయాలి. ఇక్కడ 70, బూదనం 100, సూళ్లూరుపేట 100 కలిపి 270 అవుతుంది. 300 వేస్తే నిశ్చింత.

ఎక్కడ వేస్తున్నామన్నది కూడా ముఖ్యం. లైన్లోకి దూరి, బూత్ పక్కన నిలబడి, వెనక లారీ హారన్ కొడుతుంటే ఫోన్ తీయడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. డబ్బు బ్యాంకుకు చేరినా, బ్లాక్‌లిస్ట్‌లోంచి పేరు తీసి ఆ సంగతి గేటు దగ్గరి కంప్యూటర్‌కు తెలియడానికి కొన్ని నిమిషాలు పట్టొచ్చు. గేటుకు ముందే ఓ పెట్రోలు బంకులో ఆగి వేసి, బ్యాంకు యాప్‌లో ట్యాగ్ యాక్టివ్ అని చూపించాకే బయలుదేరాలి.

2025 ఫిబ్రవరి 17 నుంచి అమలైన 60 నిమిషాల నిబంధన గురించి వాట్సాప్‌లో చాలా తిరిగింది. ట్యాగ్ గంటకు పైగా బ్లాక్‌లిస్ట్‌లో ఉండి, స్కాన్ అయిన పది నిమిషాల తర్వాత కూడా అలాగే ఉంటే చెల్లింపు 176 అనే కోడ్‌తో తిరస్కరించబడుతుందన్నది దాని సారాంశం. జాతీయ రహదారి టోల్‌గేట్లలో ట్యాగ్ స్థితి ఎప్పటికప్పుడు తెలిసే వ్యవస్థ ఉంది కాబట్టి, గేటు దాటే ముందు ఎప్పుడు రీఛార్జ్ చేసుకున్నా చెల్లుతుందని రహదారుల సంస్థ అప్పుడే వివరణ ఇచ్చింది. రాష్ట్ర రహదారుల మీద కొన్ని గేట్లది పాత వ్యవస్థ. అక్కడికి వెళ్లేటప్పుడు గంట ముందే చూసుకోవడం మేలు.

ఇంత చేసినా ట్యాగ్ పలకకపోతే ఏమిటి? 2025 నవంబర్ 15న అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం, చెల్లే ట్యాగ్ లేని బండి నగదు ఇస్తే రెట్టింపు, యూపీఐతో కడితే ఒకటింపావు వంతు. వంద రూపాయల గేటులో నగదైతే 200, యూపీఐ అయితే 125. కాబట్టి బూత్‌లో మనిషి రెండు వందలు అనగానే నోటు తీయకుండా క్యూఆర్ కోడ్ అడగాలి. రశీదు మీద ఎంత పడిందో అక్కడే చదువుకోవాలి. పైగా ఇరవై నాలుగు గంటల్లో తిరిగొస్తే రెండో వైపు సగమే పడాలన్న రాయితీ, ట్యాగ్ రెండుసార్లూ స్కాన్ అయితేనే దానంతటదే వస్తుంది. వెళ్లేటప్పుడు చేత్తో కట్టిన గేటులో, వచ్చేటప్పుడు ట్యాగ్‌లోంచి పూర్తి రుసుమే పోతుంది.

దీనికి రెండో వైపు కూడా ఉంది, దాన్ని ఎవరూ వదులుకోకూడదు. ట్యాగ్ చెల్లుతూ, డబ్బుండి, గేటు దగ్గరి యంత్రమే పనిచేయకపోతే మన దగ్గర పైసా తీసుకోకూడదు. సున్నా రూపాయల రశీదు ఇచ్చి పంపాలి. ఇది 2018 నుంచి ఉన్న నిబంధన. యాప్‌లో బ్యాలెన్స్ తెరిచి చూపించి, మర్యాదగా, గట్టిగా అడగాలి. వినకపోతే 1033కి ఫోన్ చేయాలి. గేటు సిబ్బందికి ముందు చేతి స్కానర్‌తో ఒకసారి ప్రయత్నించే అవకాశం ఇవ్వండి. చాలాసార్లు తప్పు ట్యాగ్ అంటించిన తీరులోనే ఉంటుంది. అద్దం లోపలివైపు, అద్దం మధ్యలో, వెనక చూసే అద్దం వెనకాల, గాలి బుడగ లేకుండా అంటించాలి. మూల లేచి ముడతపడితే లోపలి సన్నటి యాంటెన్నా తెగిపోతుంది. చేత్తో పట్టుకుని చూపించే ట్యాగ్‌లను 2025 జూలై నుంచి బ్లాక్‌లిస్ట్ చేయిస్తున్నారు.

లైన్ ఎంచుకోవడంలో ఒక్క మాట. లారీలున్న పొట్టి వరుస కన్నా కార్లే ఎక్కువున్న వరుస నయం. ముందు బండి గేటు దాటేదాకా ఓ కారు పొడవు వెనకే ఆగండి. మరీ ఆనుకుంటే రీడర్ ముందు బండి వంతులో మన ట్యాగ్‌ను చదివేస్తుంది. వరుస వంద మీటర్లు దాటితే ఉచితం అన్నది 2021 నాటి మాట. దాన్ని 2024లో ఉపసంహరించారు, వంద మీటర్ల దగ్గర గీసిన ఆ పసుపు గీత చూపించి వాదించి లాభం లేదు.

మినహాయింపుల దగ్గరా అపోహలు తక్కువేం లేవు. అంబులెన్స్, ఫైరింజన్, శవవాహనం లాంటివి, నిబంధనల్లో పేర్కొన్న పదవుల్లో ఉన్నవారి బండ్లు మినహాయింపు జాబితాలో ఉన్నాయి. వాటికి వేరే మినహాయింపు ట్యాగ్ ఇస్తారు. అద్దం మీద ప్రెస్ అనో, ప్రభుత్వ వాహనం అనో స్టిక్కర్ ఉంటే చాలదు.

సొంత కారుకు 2025 ఆగస్టు 15న వచ్చిన వార్షిక పాస్ ఈ బ్యాలెన్స్ బెడదను చాలావరకు తీర్చింది. మొదలైనప్పుడు ధర 3,000, 200 ట్రిప్పులు లేదా ఏడాది, ఏది ముందైతే అది. ఒక్కో గేటు ఒక్కో ట్రిప్పు కాబట్టి ఒంగోలు నుంచి సూళ్లూరుపేట వెళ్లి రావడానికి పది పోతాయి, అంటే ఇరవై రాకపోకలు. ఆ ధరకు ట్రిప్పుకు 15 రూపాయలు పడింది. బండి నంబర్ కాకుండా ఛాసిస్ నంబర్ మీదే ట్యాగ్ ఉన్నవాళ్లకు, బ్లాక్‌లిస్ట్‌లో ఉన్నవాళ్లకు పాస్ రాదు, ముందు అవి సరిచేసుకోవాలి. రాష్ట్ర రహదారుల గేట్లలో పాస్ చెల్లదు, అక్కడ మామూలు ఖాతాలోంచే కోతపడుతుంది. అందుకని పాస్ ఉన్నా ఖాతాలో రెండు మూడు వందలు ఉంచుకోవాలి.