సేల్ ధర నుంచి అసలు ధర: వంద లెక్కా, భాగాల లెక్కా, భాగహారమా?

ఆషాఢం సేల్‌లో మా చిన్నమ్మ హనుమకొండలో ఒక చీర కొన్నది. 30 శాతం తగ్గింపు పోను 2,240 రూపాయలు పడింది. చీటీ షాపులోనే చింపేశారు. అదే చీర వదినకు కూడా కావాలట, కానీ అప్పటికి సేల్ అయిపోయింది. "ఇప్పుడు పోతే ఎంతుంటది బిడ్డా?" అని అడిగింది చిన్నమ్మ.

పక్కనే ఉన్న తమ్ముడు ఫోన్ తీసి 2,240కి 30 శాతం కలిపాడు. 2,912 వచ్చింది. చాలామంది చేసేది ఇదే, కానీ ఇది తప్పు. షాపువాళ్లు 30 శాతం తీసింది అసలు ధర మీద, తమ్ముడు కలిపింది తగ్గిన ధర మీద. తగ్గిన ధర చిన్నది కాబట్టి దాని 30 శాతం కూడా చిన్నదే, కేవలం 672 రూపాయలు. తీసినంత తిరిగి కలవలేదు. 2,912లో 30 శాతం తీసేస్తే సుమారు 2,038 మిగులుతుంది, 2,240 రాదు. అలా తిరిగి తీసి చూస్తే తప్పు వెంటనే దొరుకుతుంది.

సరైన జవాబుకు మూడు దారులున్నాయి. మూడూ ఒకే చోటికి చేరుస్తాయి, కానీ సందర్భాన్ని బట్టి ఒక్కోటి ఒక్కోచోట పనికొస్తుంది.

మొదటిది వంద లెక్క. అసలు ధర వంద అనుకుంటే 30 పోగా మనం కట్టేది 70. అంటే 70 రూపాయలకు వంద, మరి 2,240కి ఎంత? 2,240ని 70తో భాగిస్తే 32, దాన్ని వందతో గుణిస్తే 3,200. బడిలో నేర్పే పద్ధతి ఇదే. లెక్క ఎందుకు అలా చేస్తున్నామో కళ్లకు కడుతుంది కాబట్టి పిల్లలకు మొదట ఇదే చెప్పాలని నా అభిప్రాయం. షాపులో నిలబడి చేయాలంటే మాత్రం కొంచెం నిదానం.

రెండోది భాగాల లెక్క. నాకు ఇష్టమైనది ఇదే. 30 శాతం అంటే పది భాగాల్లో మూడు పోయినట్టు. మిగిలిన ఏడు భాగాలు 2,240, ఒక భాగం 320, పది భాగాలు 3,200. కొన్ని రేట్లకు ఇది ఇంకా సులువు. 20 శాతం తగ్గింపైతే కట్టిన దానికి దాంట్లో నాలుగో వంతు కలపండి. 25 శాతానికి మూడో వంతు, 50కి రెట్టింపు. 25 శాతం తగ్గి 1,200 కట్టారనుకోండి. మూడో వంతు 400 కలిపితే 1,600. నాలుగో వంతు పోయినప్పుడు మిగిలినవి మూడు భాగాలు, పోయింది వాటిలో ఒక్కదానితో సమానం, అందుకే మూడో వంతు కలుపుతాం. ఈ ఒక్క మాట అర్థమైతే కాగితం అక్కర్లేదు. 35, 45 లాంటి రేట్లు వచ్చినప్పుడు మాత్రం నోటిలెక్క కష్టం.

అక్కడ మూడోది కావాలి. వందలోంచి తగ్గింపు శాతం తీసేసి, మిగిలినదాన్ని దశాంశంగా రాసి భాగించడమే.

```
2240 ÷ 0.70 = 3200
```

ఏ రేటుకైనా పనిచేస్తుంది. వేగంలో దీనికి సాటి లేదు, కానీ 0.70కి బదులు 0.30తో భాగిస్తే 7,467 వస్తుంది. మనం భాగించాల్సింది పోయిన శాతంతో కాదు, మిగిలిన శాతంతో అని గుర్తుంచుకోవాలి.

"30 శాతం, దానిమీద మరో 10 శాతం" అని బోర్డు పెట్టినప్పుడు కూడా ఈ మూడోదే మేలు. అది 40 శాతం కాదు. రెండో తగ్గింపు మిగిలిన 70 మీద పడుతుంది, అంటే 7 పోయి 63 మిగులుతుంది. అందుకే 0.60తో కాక 0.63తో భాగించాలి.

ఇంకో సంగతి. బిల్లులో పైసలు సవరించి ఉంటే అసలు ధర కూడా కాస్త అటూఇటూ వస్తుంది. 35 శాతం పోను 1,499 కట్టారంటే 1,499ని 0.65తో భాగిస్తే 2,306 రూపాయల 15 పైసలు. చీటీ మీద 2,306 ఉంటే లెక్క సరిగ్గానే ఉంది. తగ్గింపు పెరిగేకొద్దీ ఈ తేడా కూడా పెరుగుతుంది. 80 శాతం సేల్‌లో బిల్లులో అర్ధరూపాయి సవరించినా అసలు ధరలో రెండున్నర రూపాయలు మారుతుంది.

చిన్నమ్మకు భాగాల లెక్క చెప్పాను. ఏడు భాగాలు, ఒక భాగం 320 అనగానే మిగతాది తనే వేళ్ల మీద చేసింది. "మూడు వేల రెండొందలా? మరి 960 తగ్గిచ్చిన్రన్నట్టు," అన్నది. వదిన మాత్రం వచ్చే సేల్ దాకా ఆగుతానన్నది.