ఇరవై అయిదు నిమిషాల గంట: పద్నాలుగు నెలల వాడకం తర్వాత

కర్నూలులో ఒక ప్రైవేటు సంస్థ కార్యాలయంలో నేను రోజంతా చేసేది ఒక్కటే పని. పత్తి అమ్మిన రైతుల బ్యాంకు పాసు పుస్తకం మొదటి పేజీ స్కాన్ తెర ఎడమవైపు వస్తుంది, ఎవరో టైపు చేసిన వివరాలు కుడివైపు వస్తాయి. రెండూ సరిపోతే ఆమోదం నొక్కాలి, లేకుంటే వెనక్కి పంపాలి. ఒకటి పోగానే ఇంకొకటి వచ్చి నిలబడే ఈ వరుసలో కష్టమేమీ లేదు, ఉన్నదల్లా విసుగే. ఆ విసుగులో కన్ను చూస్తూనే ఉంటుంది కానీ చదవడం మానేస్తుంది. అందుకే నిరుడు ఇరవై అయిదు నిమిషాల పని, అయిదు నిమిషాల విరామం అనే పద్ధతి మొదలుపెట్టాను.

మొదటి రెండు నెలలు దానిని అందరి ముందూ మెచ్చుకున్నాను. విరామం దగ్గరలోనే ఉందని తెలిస్తే చెయ్యి ఫోను వైపు పోదు, ఆ మాట ఇప్పటికీ నిజమే. రాడార్ తెరలు చూసే సైనికుల మీద బ్రిటన్‌లో పరిశోధన చేసిన మాక్‌వర్త్ కూడా, అరుదుగా వచ్చే గుర్తు కోసం కాచుకుని కూర్చున్నవారి పట్టు మొదటి అరగంటలోనే సడలుతుందని 1948లో రాశాడు. కాబట్టి విరామం మీద నాకు ఫిర్యాదు లేదు. నా కోపమంతా విరామానికి లేవమని మోగే ఆ గంట మీదే.

ఒకరోజు మధ్యాహ్నం పత్తికొండ వైపు రైతు ఫారం తెరిచి, ఖాతా సంఖ్యలో మొదటి ఆరంకెలు సరిచూశాను. సరిగ్గా అప్పుడు గంట మోగింది. నియమం నియమమే కదా అని లేచి టీ తాగి వచ్చాను. తిరిగి కూర్చునేసరికి ఆ సంఖ్య నాకు పాత చుట్టంలా కనిపించింది. ఇది చూసేశానన్న భావనే మిగిలింది గానీ, ఎంతవరకు చూశానన్నది మిగలలేదు. ఆమోదం నొక్కేశాను. పుస్తకంలో చివర 748 ఉంటే తెర మీద 784 ఉంది. డబ్బు ఎవరి ఖాతాలోకీ పోకుండా తిరిగి వచ్చింది, అది మా అదృష్టం. ఆ రైతు మాత్రం తొమ్మిది రోజులు ఎదురుచూశాడు. ఆధార్ సంఖ్యలో పక్కపక్క అంకెలు తారుమారైతే చివరి అంకె లెక్కకు సరిపోదు కాబట్టి మా తెర వెంటనే పట్టేస్తుంది. ఖాతా సంఖ్యకు మా దగ్గర అలాంటి కాపలా లేదు, ఉన్నది మన కన్నే.

ఆ తర్వాత గడియారాన్ని వదిలి లెక్కను పట్టుకున్నాను. ఇరవై ఫారాలు ఒక విడత. ఇరవయ్యోది పూర్తయ్యాకే లేస్తాను, అది ఇరవై రెండు నిమిషాలకైనా సరే, ముప్పైకైనా సరే. మధ్యలో ఎవరైనా పిలిస్తే, తెరిచి ఉన్న ఫారాన్ని మొదటి అంకె నుంచి మళ్లీ చదువుతాను.

ఒకే బ్యాంకు శాఖ ఫారాలను ఒకచోట చేర్చుకోవడాన్ని కూడా నేను తొలిరోజుల్లో గొప్పగా చెప్పేవాడిని. వేగం పెరిగిన మాట వాస్తవమే. కానీ దొరికిన తప్పులను నోటుపుస్తకంలో రాసుకుంటూ పోతే, వాటిలో ఎక్కువ ఒకే శాఖ ఫారాలు డజను దాటిన చోటనే ఉన్నాయి. పన్నెండు సార్లు ఒకే ఐఎఫ్‌ఎస్‌సీ కోడు చూసిన కన్ను పదమూడోసారి దానిని చదవదు, ఊహించుకుంటుంది. ఆ కోడులో అయిదో స్థానంలో ఉండాల్సిన సున్నాకు బదులు ఇంగ్లిషు O అక్షరం పడిన ఫారాలు రెండు అలాగే నా చేతిలోంచి జారిపోయాయి. ఇప్పుడు పదికి మించి ఒకే శాఖవి కలపను.

అనుకోకుండా దొరికిన మేలు మాత్రం గుంతకల్లు నుంచి వచ్చింది. మా మేనమామ అక్కడ లోకోపైలట్. ఇంజన్‌లో ఇద్దరూ ప్రతి సిగ్నల్‌నూ పైకి పలుకుతారు, ఒకరు చెబితే రెండోవారు తిరిగి చెబుతారు. “చూసింది నోటితో అనకపోతే చూసినట్టు కాదురా అల్లుడూ” అన్నాడాయన. అప్పటి నుంచి పాసు పుస్తకం మీది సంఖ్యను మూడేసి అంకెలుగా గొణుగుతూ, తెర మీద అవే అంకెల కింద వేలు జరుపుతున్నాను. కాగితం వైపు నుంచే పలకాలి. తెర వైపు నుంచి మొదలుపెడితే టైపు చేసినవాడి తప్పునే మనమూ పలుకుతాం. నోరు కన్నంత వేగంగా పరుగెత్తదు, అదే ఇందులోని కీలకం.

దీనికి ఖర్చు లేకపోలేదు. రోజుకు ఇరవై ఫారాలదాకా తగ్గాయి, సాయంత్రానికి గొంతు ఆరిపోతుంది. మా పర్యవేక్షకుడు సంఖ్య కంటే వెనక్కి వచ్చిన చెల్లింపులనే ఎక్కువ లెక్కపెడతాడు కాబట్టి నాకు సాగింది. ఫారానికి ఇంత అని కూలి కట్టే చోట సాగుతుందని చెప్పలేను. అవతల మనిషి లైన్‌లో కాచుకుని ఉండే ఫోను కాల్స్ వరుసలో అయితే ఈ ఇరవై లెక్క అసలు కుదరదు. నాకు కిటికీ పక్క మూల కుర్చీ దొరికింది. హాలు మధ్యలో కూర్చున్న రోజుల్లో పక్కవారు రెండుసార్లు తిరిగి చూడగానే నోరు మూసుకుని, చివరి నాలుగంకెలను మాత్రం వెనక నుంచి ముందుకు చదువుకునేవాడిని.