వైజాగ్ నుంచి ఆవకాయ, పవర్ బ్యాంక్, స్ప్రే: ఏళ్లుగా కొరియర్ చేశాక నా రివ్యూ

మా తమ్ముడిది ఢిల్లీలో ఉద్యోగం. వాడికి గాజువాక నుంచి ఆవకాయ, నువ్వుల నూనె, ఇంకా అడిగిన చిన్నాచితకా సామాన్లన్నీ ఏళ్లుగా పంపుతున్నా. ఇన్నాళ్లకి నాకు తేలిందేంటంటే కౌంటర్లో ముందు అడగాల్సింది రేటు కాదు, విమానంలో వెళ్లే ఎయిరా, రోడ్డు మీదో రైల్లోనో వెళ్లే సర్ఫేసా అని. తీసుకుంటారా తిప్పి పంపుతారా అన్నది చాలావరకు దాని మీదే ఉంటుంది.

ఓసారి ఆవకాయ, పవర్ బ్యాంక్, డియో స్ప్రే మూడూ ఒకే పెట్టెలో పెట్టి తీసుకెళ్లి, లోపల ఏమున్నాయో అన్నీ చెప్పా కూడా. అయినా ఆ కుర్రాడు "పర్లేదు సార్, ఇంటి సామాన్లు అని రాసేస్తా" అని ఎయిర్‌లో బుక్ చేశాడు. ఎక్స్‌రేలో దొరికి పెట్టె ఆగిపోయింది, ఎప్పటికో తిరిగొచ్చింది, డబ్బులు మాత్రం రాలేదు. ఇలా సరుకు పేరు మార్చి రాసే కౌంటర్‌కి నేను మళ్లీ వెళ్లను, లిథియం బ్యాటరీ షార్టయి అంటుకుంటే గాల్లో దాన్ని ఆర్పడం మామూలు విషయం కాదు.

ఫోన్ లోపల ఉన్న బ్యాటరీ వేరు, విడి బ్యాటరీ వేరు. పవర్ బ్యాంక్ విడి బ్యాటరీ కిందే లెక్క, ప్యాసింజర్ విమానంలో కార్గోగా వెళ్లదు. అదే మనిషైతే హ్యాండ్ బ్యాగ్‌లో పట్టుకెళ్లొచ్చు, 100 వాట్ అవర్ దాటకపోతే చాలు. 20000 ఎంఏహెచ్‌ది 3.7 వోల్టులతో లెక్కేస్తే 74 వస్తుంది, అందుకే ఢిల్లీ వెళ్లేవాళ్ల చేతికే ఇచ్చేస్తా. ఉబ్బిన బ్యాటరీ మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి.

స్ప్రే డబ్బాలో గ్యాస్ ప్రెషర్‌తో ఉంటుంది, చాలావాటిలో అది మండే గ్యాసే. బ్యాగులో పట్టుకెళ్తాం కదా అంటారు, ప్రయాణికుడికి కొద్దిగా ఇచ్చిన వెసులుబాటు పార్సిల్‌కి వర్తించదండి. అక్కడే కొనుక్కోమని చెప్పడం మేలు.

ఇక ఆవకాయ. సర్ఫేస్‌లో నాకైతే బాగానే వెళ్తోంది, గొడవంతా నూనెతోనే, ఎండకీ మీద పడే బరువుకీ డబ్బా నొక్కుకుని మూత మరల్లోంచి నూనె బయటికొస్తుంది. పైన రెండు వేళ్ల ఖాళీ వదిలి, మూత కింద రేకు సీల్ వేయించి, రాత్రంతా పాత పేపర్ మీద తలకిందులుగా పెడతా. పొద్దున్న పేపర్ మీద చిన్న నూనె మరక కనపడినా ఆ డబ్బా పంపను. మరక లేకపోతే రెండు కవర్లలో కట్టి, చుట్టూ పేపర్ కుక్కి, గట్టి అట్టపెట్టెలో పెడతా.

పెట్టె మరీ పెద్దదైతే ఇంకో ఖర్చు. చాలా కొరియర్లు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. 30, 25, 20 పెట్టెకి 3 కిలోలు వస్తుంది, లోపల 2 కిలోలే ఉన్నా 3 కిలోలకే బిల్లు. సర్ఫేస్‌కి ఈ భాగించే అంకె వేరేగా ఉండొచ్చు, బుక్ చేసే ముందే అడిగి పెట్టె సైజు చూసుకోండి.