క్విక్‌సెలెక్ట్‌లో పివట్: మొదటి విలువా, లాటరీ తీసిన విలువా?

మొత్తం సార్ట్ చేయకుండానే ఫలానా స్థానంలోని చిన్న విలువను కనుక్కునే పద్ధతి క్విక్‌సెలెక్ట్. మిగతావాటిని పోల్చడానికి ఎంచుకునే విలువే పివట్. ఉదాహరణకు [7, 2, 9, 4, 5]లో 3వ చిన్న విలువ కావాలి. మొదటిదైన 7 పివట్ అయితే ఎడమకు 2, 4, 5 చేరతాయి. 7 స్థానం 4వది. కాబట్టి ఎడమవైపే వెతకాలి, 9ని వదిలేయొచ్చు. రెండు పద్ధతుల్లోనూ పని ఇదే, తేడా పివట్ ఎంపికలోనే.

ముందే చిన్న నుంచి పెద్దకు క్రమంలో ఉన్న 10,000 విలువల్లో అతి పెద్దది అడిగితే, మొదటి విలువ పద్ధతిలో ప్రతి విడతకూ ఒక్కటే తగ్గుతుంది: 9999 + 9998 + … + 1, దాదాపు 5 కోట్ల పోలికలు. అసలు డేటాలో ఇలాంటి క్రమం మామూలే.

లాటరీ పివట్ సగం సార్లు మధ్య సగంలో పడుతుంది. అప్పుడు మిగిలేది ముప్పావు వంతుకు మించదు. అలాంటి పివట్‌కు సగటున 2 ప్రయత్నాలు చాలు. అందుకే n విలువలకు మొత్తం పోలికలు సగటున 2n(1 + 3/4 + 9/16 + …) = 8n లోపే. సార్టింగ్‌లా రెండు వైపులా దిగం కాబట్టే n log nలోని log n ఇక్కడ రాదు.

అన్నీ సమాన విలువలై, అవన్నీ పివట్‌కు ఒకే వైపు చేరితే మాత్రం లాటరీ కూడా కాపాడదు. చిన్నవి, సమానమైనవి, పెద్దవి అని మూడుగా విడదీయాల్సిందే.