ఫీజు లేని యాపా, ఫీజు తీసుకునే ఎక్స్‌చేంజ్ కౌంటరా?

మాది పర్లాకిమిడి. తమ్ముడు దుబాయ్ నుంచి డబ్బు పంపుతాడు. ఫీజు లేని యాప్ దిర్హాంకు 22.40 రూపాయలు ఇస్తుందనుకుందాం. కౌంటర్‌లో 22.95, కానీ ఫీజు 20 దిర్హాంలు.

500 దిర్హాంలకు యాప్‌లో 11,200 రూపాయలు వస్తాయి. కౌంటర్‌లో ఫీజు పోగా మిగిలిన 480కి 11,016 మాత్రమే. అదే 2,000 పంపితే యాప్‌లో 44,800, కౌంటర్‌లో 45,441. యాప్ తన లాభాన్ని రేటులోనే కోసుకుంటుంది, అందుకే మొత్తం పెరిగేకొద్దీ మనకు నష్టం పెరుగుతుంది. ఫీజు మాత్రం అంతే ఉంటుంది.

ఈ లెక్కన 835 దిర్హాంల దగ్గర రెండూ దాదాపు సమానం. అందుకే నెలనెలా 500 కాకుండా, అమ్మ మందులకు తొందర లేనప్పుడు, రెండు నెలలది కలిపి కౌంటర్‌లో పంపమన్నాను. రేట్లు రోజూ మారతాయి కాబట్టి "ఖాతాలో ఎన్ని రూపాయలు పడతాయి?" అని వాడు రెండుచోట్లా అడిగాకే కడతాడు.