0.083 మేలా, 8.314 మేలా? ప్రోటీన్ లెక్కలో R విలువ

ద్రావణాల పాఠానికి వచ్చేసరికి ఇంటర్ విద్యార్థులు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది: ద్రవాభిసరణ పీడనం నుంచి ప్రోటీన్ మోలార్ ద్రవ్యరాశి కట్టేటప్పుడు వాయు స్థిరాంకం R ఎంత తీసుకోవాలి? ప్రమాణాలు కుదిరితే ఏ విలువతోనైనా ఒకే జవాబు వస్తుంది. కుదరనప్పుడు ఆ తప్పు కంటపడుతుందా లేదా అన్నదే నాకు ముఖ్యం.

27°C దగ్గర 250 మి.లీ. ద్రావణంలో 2.0 గ్రా. హీమోగ్లోబిన్ ఉందనుకుందాం. పీడనం 309 పాస్కల్, అంటే 0.00309 బార్, సుమారు 3 సెం.మీ. ఎత్తు నీటి పీడనం. సూత్రం M = wRT/(ΠV).

లీటరు-బార్ పద్ధతిలో V = 0.250 లీ., R = 0.08314. జవాబు దాదాపు 64,600 గ్రా./మోల్. లెక్క పొట్టిగా ఉంటుంది, పీడనం బార్లలో ఇస్తే పరీక్షలో ఇదే సుఖం. కానీ పక్కనే 0.0821 కాచుకుని ఉంటుంది. అది అట్మాస్ఫియర్లకు చెందిన R. బార్ల పీడనంతో దాన్ని వాడితే 63,800 వస్తుంది. తేడా 1.3 శాతమే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

SI పద్ధతిలో R = 8.314, పీడనం పాస్కల్‌లలో, V = 2.5×10⁻⁴ ఘ.మీ. ఇక్కడ సాధారణంగా జరిగే పొరపాటు V ని 0.250గానే ఉంచేయడం. అప్పుడు జవాబు 64.6 గ్రా./మోల్. అతి చిన్న అమైనో ఆమ్లమైన గ్లైసీన్‌కే 75 ఉండగా ప్రోటీన్‌కు 64.6 ఎలా ఉంటుంది? తప్పు తానే బయటపడుతుంది. V సరిగ్గా ఘ.మీ.లో వేసి, w ని కిలోగ్రాముల్లో వేస్తే మాత్రం 64.6 సరైనదే, దాని ప్రమాణం కి.గ్రా./మోల్. పైగా ప్రయోగశాలలో కొలిచేది ద్రవమట్టం ఎత్తయితే ρgh నేరుగా పాస్కల్‌లలోనే వస్తుంది. అందుకే నా మొగ్గు SI వైపు.

మి.మీ. పాదరసానికి 62.36 అనే R కూడా ఉంది; పీడనం ఆ ప్రమాణంలోనే ఉంటే వాడుకోవచ్చు.

ఏ R కూడా కాపాడలేని తప్పు ఉష్ణోగ్రతది. 300 K బదులు 27 వేస్తే 5,800 వస్తుంది. అది అచ్చంగా ఇన్సులిన్ విలువ, కాబట్టి చూడగానే నమ్మేస్తాం. దీన్ని పట్టేది ఇనుము. హీమోగ్లోబిన్‌లో ఇనుము దాదాపు 0.34 శాతం, అణువుకు కనీసం ఒక ఇనుము పరమాణువు ఉండాలంటే మోలార్ ద్రవ్యరాశి 16,500కు తగ్గకూడదు. 1925లో కేంబ్రిడ్జ్‌లో గిల్బర్ట్ అడెయిర్ ద్రవాభిసరణ పీడనం కొలిచి, అసలు విలువ ఆ కనీసానికి సుమారు నాలుగు రెట్లని చూపాడు. అణువులో నాలుగు ఇనుము పరమాణువులు ఉన్నాయని తేలింది అలాగే.