స్టీరింగ్ పట్టుకునే ఉన్నాను మహాప్రభో: లేన్ కీపింగ్‌తో రెండున్నరేళ్లు

కారు కొన్న మొదటి నెలలో నాన్నగారిని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని గచ్చిబౌలి నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా పెద్ద అంబర్‌పేట వైపు వెళ్తున్నాను. అక్కడ దిగి సూర్యాపేట వెళ్లాలి. లేన్ కీపింగ్ పెట్టాను, అంటే గీతల మధ్య నడిచేలా స్టీరింగ్‌ను కారే కొద్దికొద్దిగా తిప్పుకుంటుంది, మన చేతులు మాత్రం దాని మీదే ఉండాలి. శంషాబాద్ దాటేలోపే డ్యాష్‌బోర్డు తెర మీద స్టీరింగ్, దాని మీద రెండు చేతుల బొమ్మ నాలుగుసార్లు వెలిగింది. నాలుగోసారి ‘టింగ్ టింగ్’ అని గోల కూడా చేసింది. "చేతులు పెట్టుకునే ఉన్నావు కదరా, మరి అదెందుకు అరుస్తోంది?" అన్నారు నాన్నగారు. నా దగ్గర సమాధానం లేదు. ఇప్పుడు ఉంది. రెండున్నరేళ్లు, 41,000 కిలోమీటర్లు పట్టింది అది తెలుసుకోవడానికి.

కారు పేరు చెప్పను. ఇది ఒక్క కంపెనీ తలనొప్పి కాదు, స్టీరింగ్ మెలికను బట్టి చేతులున్నాయా లేవా అని ఊహించే కార్లన్నిటిదీ.

నా కారు స్టీరింగ్ చక్రానికి స్పర్శ తెలియదు. తోలు మీద నా వేళ్లున్నా, ఈగ వాలినా దానికి ఒకటే. చక్రం కింది కడ్డీలో టార్షన్ బార్ అనే సన్నని ఉక్కు ముక్క ఉంటుంది. మనం చక్రం తిప్పినప్పుడు అది వెంట్రుకవాసి మెలితిరుగుతుంది. ఆ మెలికను టార్క్ సెన్సర్ కొలిచి, ఎంత సాయం చేయాలో పవర్ స్టీరింగ్ మోటారుకు చెబుతుంది. ఆ సెన్సర్ పుట్టింది ఈ పని కోసమే. చేతుల కాపలా తర్వాత అంటగట్టిన అదనపు ఉద్యోగం.

చిక్కంతా ఇక్కడే. మెలిక రావాలంటే పైనుంచి నేనొక వైపుకు, కింది నుంచి కారు చక్రాలో మోటారో మరో వైపుకు లాగాలి. ఇద్దరం ఒకే మాట మీద ఉంటే మెలిక లేదు, మెలిక లేకపోతే చేతులు లేనట్టే. అంటే కారు కొలిచేది నా పట్టును కాదు, తనతో నాకున్న పేచీని. అది లేన్ మధ్యలో ఎంత బుద్ధిగా నడిస్తే నేను దాన్ని సవరించాల్సిన అవసరం అంత తగ్గుతుంది. అంతే, చేతులు తీసేశానని నింద వేస్తుంది.

ఒక చిన్న లెక్క. కంపెనీలు తమ హద్దు ఎంతో బయటపెట్టవు కాబట్టి, అర న్యూటన్ మీటరు మెలిక కనబడితే చేతులున్నట్టని అనుకుందాం. చక్రం కేంద్రం నుంచి అంచుకు 18.5 సెంటీమీటర్లు. భాగిస్తే దాదాపు 2.7 న్యూటన్లు, అంటే అంచు మీద పావుకిలోకు కాస్త ఎక్కువ బరువు. వినడానికి ఎంతో కాదు. కానీ ఆ బలమంతా ఒకే దిశలో తిప్పాలి. గడియారంలో తొమ్మిది, మూడు అంకెలున్న చోట రెండు చేతులూ సమానంగా ఆనిస్తే ఎడమ చేతి బరువును కుడి చేయి కొట్టేస్తుంది. చక్రం అడుగున, ఆరు దగ్గర, చేయి వేలాడేస్తే బరువు నేరుగా కేంద్రం కిందే ఉంటుంది కనుక మెలిక పుట్టదు. డ్రైవింగ్ స్కూల్లో నేర్పిన పద్ధతి ప్రకారం బుద్ధిగా పట్టుకున్నవాడికే ఎక్కువ చీవాట్లు.

ఇది ఊహేనా అని ఒక ఆదివారం పొద్దున్న, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, పక్క సీట్లో మా ఆవిడకు ఫోనులో స్టాప్‌వాచ్ ఇచ్చి కూర్చోబెట్టాను. చేతులు ఎక్కడా తీయలేదు, పట్టు మాత్రమే మార్చాను. తొమ్మిది, మూడు దగ్గర తేలికగా పట్టుకుంటే తిన్నని రోడ్డు మీద 14 సెకన్లకు బొమ్మ వెలిగింది. ఆరు దగ్గర పట్టుకున్నా అంతే. కుడి చేతిని నాలుగు దగ్గర పెట్టి దాని బరువు చక్రం మీదికి వదిలేస్తే రెండు నిమిషాల వరకు కిక్కురుమనలేదు. వంపుల్లోనూ అరుపు తక్కువే. అక్కడ మోటారు చక్రాన్ని తిప్పుతుంటే నా వేళ్లు అరక్షణం వెనకబడతాయి, ఆ కాస్త అడ్డే దానికి చాలు. అందుకే ఔటర్ మీద తిన్నగా సాగే చోట నస ఎక్కువ, వంపుల్లో తక్కువ.

ఆ పద్నాలుగు సెకన్లు కూడా గాలిలోంచి ఊడిపడలేదు. ఐరోపా దేశాలు పాటించే ఐక్యరాజ్యసమితి 79వ నియమావళి ప్రకారం, ఇలాంటి వ్యవస్థ చేతులు లేవని తేలిన 15 సెకన్లలోపు బొమ్మతో హెచ్చరించాలి. 30 సెకన్లలోపు బొమ్మలో చేతులో చక్రమో ఎర్రబడి శబ్దం కూడా రావాలి. శబ్దం మొదలైన 30 సెకన్లలోపు వ్యవస్థ తప్పుకోవాలి, తప్పుకున్నానని వేరే శబ్దంతో చెప్పాలి. నా కారు నడత దాదాపు ఇదే.

మరి హద్దు తగ్గిస్తే పోదా? సర్వీస్ సెంటర్‌లో ఇదే అడిగాను. సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించామన్నారు, వీల్ అలైన్‌మెంట్ చేసి డబ్బు తీసుకున్నారు, నస మాత్రం వీసమెత్తు తగ్గలేదు. తగ్గదని తర్వాత అర్థమైంది. గుంతలో పడినా, మోటారు చటుక్కున తిప్పినా, చక్రానికున్న సొంత బరువు వల్ల కూడా బార్ కాస్త మెలితిరుగుతుంది. హద్దు మరీ తగ్గిస్తే లేని చేతులు ఉన్నట్టు కనబడతాయి. ఇప్పటికే ఆ మోసం ఉంది. చక్రానికి బరువు తగిలించి కారును ఏమార్చేవాళ్లున్నారు. అలాంటి బిళ్లను అమ్ముతున్న కంపెనీని 2018లో అమెరికా రహదారి భద్రతా సంస్థ ఆపించింది. పట్టుకున్నవాణ్ని లేడనడం, బరువు బిళ్లను మనిషనడం, రెండూ ఒకే సెన్సర్ గుణం.

నా తొలి విరుగుడు అందరిదీ ఒకటే: అరవగానే చక్రాన్ని ఇటూ అటూ కదపడం. తిక్కరేగి గట్టిగా కదిపితే కారు ఊగుతుంది, వెనక కూర్చున్నవాళ్లకు కడుపులో తిప్పుతుంది. నాలుగు దగ్గర చేయి వేసి వదిలేసే ఉపాయానికీ ఒక వెల ఉంది. ఆ బరువు కారును ఎడతెగక కుడికి లాగుతుంది. "ఏమండీ, గీత మీదికి పోతున్నారు" అని మా ఆవిడ రెండుసార్లు హెచ్చరించింది. అందుకే ఇప్పుడు చేతిని నాలుగు దగ్గరే ఉంచుతాను కానీ బరువు పూర్తిగా వదలను. అద్దం చూసుకున్న ప్రతిసారీ వేళ్లతో చక్రాన్ని కొద్దిగా, కారు దారి మారనంతగా, నొక్కుతాను. అలవాటైపోయింది. నస పూర్తిగా పోలేదు, గంటకు ఒకటి రెండుసార్లకు దిగింది.

నస కంటే నన్ను భయపెట్టేది మరొకటి. హెచ్చరికను పట్టించుకోకపోతే నా కారులో లేన్ కీపింగ్ తప్పుకుంటుంది కానీ క్రూజ్ కంట్రోల్ అలాగే ఉంటుంది. వేగం గంటకు వందే, ముందు బండితో దూరం పాటిస్తూనే ఉంటుంది, స్టీరింగ్ మాత్రం మనది. తెలిసేది పచ్చగా ఉన్న చిన్న బొమ్మ తెల్లబడటం వల్ల, ఒక శబ్దం వల్ల. పాటలు పెట్టుకుని ఒకసారి ఆ శబ్దాన్ని మామూలు నసే అనుకున్నాను. కారు ఎడమ గీత తొక్కేదాకా తెలియలేదు.

మా బావమరిది కారు చక్రంలో తోలు కింద విద్యుత్ వాహక పొర ఉంది, ఫోను తెరలాగా స్పర్శను గుర్తిస్తుంది. రెండు వేళ్లు ఆనిస్తే చాలు, సూర్యాపేట దాకా నోరెత్తలేదు. అయితే అతను బజార్లో మందపాటి స్టీరింగ్ కవరు కుట్టించిన వారమే అదీ అరవడం మొదలుపెట్టింది. వేలికీ పొరకూ మధ్య ఎడం పెరిగింది మరి. కవరు విప్పేశాక మామూలైంది.

మిగతా కారు మీద నాకు ఫిర్యాదు లేదు. లేన్ కీపింగ్‌కు మాత్రం అయిదుకు మూడిస్తాను. కొనబోయేవాళ్లు టెస్ట్ డ్రైవ్‌లో షోరూం చుట్టూ తిరిగి వచ్చేయకండి. తిన్నని రోడ్డు అడగండి. లేన్ కీపింగ్ పెట్టి, చక్రాన్ని తొమ్మిది, మూడు దగ్గర మీరు రోజూ పట్టుకున్నట్టే తేలికగా పట్టుకుని అర నిమిషం నడపండి. పక్కన సేల్స్ కుర్రాడు మాట్లాడుతూనే ఉంటాడు, మీ కళ్లు రోడ్డు మీద, చెవి మాత్రం ఆ ‘టింగ్’ మీద ఉంచండి.